బిల్లు చేతికొచ్చినప్పుడు: ద్రవ్య బిల్లును గుర్తుపట్టే పద్ధతి

2016 మార్చి 16న రాజ్యసభ ఆధార్ బిల్లుకు ఐదు సవరణలు సూచించింది. ఇష్టం లేనివాళ్లు ఆధార్ నుంచి తప్పుకునే వీలుండాలన్నది వాటిలో ఒకటి. ప్రైవేటు సంస్థలు కూడా ఆధార్‌ను వాడుకునేందుకు దారి తీసే 57వ సెక్షన్‌ను తీసేయాలన్నది మరొకటి. అదే రోజు లోక్‌సభ ఐదింటినీ తోసిపుచ్చింది. బిల్లు మళ్లీ రాజ్యసభ ముఖం చూడలేదు. ఆ నెలాఖరులోపే రాష్ట్రపతి సంతకంతో చట్టమైంది.

ఇంత వేగానికి కారణం, బిల్లు మీద లోక్‌సభ స్పీకర్ రాసిన ఒక్క ధ్రువీకరణ: ఇది ద్రవ్య బిల్లు అని. పోటీ పరీక్షకు చదువుతున్నవారైనా, పత్రికలో పనిచేస్తున్నవారైనా, తమ జీవితాన్ని తాకే చట్టం ఎలా వచ్చిందో తెలుసుకోవాలనుకునేవారైనా ఆ ధ్రువీకరణ సరైనదో కాదో సొంతంగా తేల్చుకోగలగాలి. దానికి కావలసినవి బిల్లు ప్రతి, రాజ్యాంగంలోని 110వ అధికరణ, ఒక పెన్సిలు.

ముందు, ఆ ముద్ర పడితే ఏం మారుతుందో చూద్దాం. ద్రవ్య బిల్లును లోక్‌సభలోనే ప్రవేశపెట్టాలి. అక్కడ గెలిచి వచ్చిన బిల్లును రాజ్యసభ పద్నాలుగు రోజుల్లోగా తిప్పి పంపాలి. సిఫార్సులు చేయవచ్చు గానీ, వాటిని ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం లోక్‌సభ ఇష్టం. పద్నాలుగు రోజులూ ఏమీ చేయకుండా కూర్చుంటే రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. మామూలు బిల్లునైతే రాష్ట్రపతి పునఃపరిశీలనకు తిప్పి పంపగలరు, ద్రవ్య బిల్లును అలా పంపే అధికారం ఆయనకు లేదు. అంటే రాజ్యసభలో మెజారిటీ లేని ప్రభుత్వానికి ఈ ముద్ర పెద్ద అడ్డంకిని తీసేస్తుంది. 2016లో ప్రభుత్వానికి ఆ సభలో మెజారిటీ లేదన్న సంగతిని పక్కన పెట్టుకుని చదివితే ఆధార్ కథ బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు 110వ అధికరణ తెరవండి. పన్నులు వేయడం, తీసేయడం, మార్చడం. ప్రభుత్వం అప్పు చేయడం, పూచీ ఇవ్వడం. సంఘటిత నిధిలోకి డబ్బు జమ చేయడం, అందులోంచి తీయడం, కేటాయించడం. ఇంకా ఇలాంటివే మరికొన్ని. చివర ఒక ఖండికలో, వీటికి అనుబంధమైన విషయం ఏదైనా అని ఉంటుంది. చాలామంది ఈ జాబితాను కంఠస్థం చేసి అక్కడితో ఆగిపోతారు. అసలు షరతు జాబితాకు ముందు వాక్యంలో ఉంది: ఈ విషయాలకు సంబంధించిన నిబంధనలు మాత్రమే ఉన్న బిల్లే ద్రవ్య బిల్లు. బిల్లులో డబ్బు సంగతి ఉంటే చాలదు, ఇంకే సంగతీ ఉండకూడదు. ఆధార్ కేసులో వాదనంతా ఈ షరతును ఎంత గట్టిగా పట్టుకోవాలన్న దాని చుట్టూనే తిరిగింది.

పెన్సిలు పని ఇక్కడ మొదలవుతుంది. బిల్లులోని ప్రతి సెక్షన్ పక్కనా మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి. జాబితాలో నేరుగా పడేదానికి ‘ద్ర’. దానంతట అది జాబితాలో లేకపోయినా, ‘ద్ర’ సెక్షన్ అమలు కావడానికి తప్పనిసరిగా కావలసినదైతే ‘అ’, అంటే అనుబంధం. డబ్బు సెక్షన్‌ను కొట్టేసినా తన పని తాను చేసుకుపోగలిగేదానికి ‘వే’, అంటే వేరు. మొత్తం బిల్లులో ఒక్క ‘వే’ తేలినా అది ద్రవ్య బిల్లు కాదు. ‘అ’కూ ‘వే’కూ మధ్య తేడా తేల్చడమే కష్టం. అందుకే సెక్షన్ చదివిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేసుకోండి: డబ్బు సంగతి లేకపోతే ఈ సెక్షన్‌కు పని ఉంటుందా, ఉండదా?

గుర్తులు పెట్టేటప్పుడు జనం పడే పొరపాట్లు రెండున్నాయి. మొదటిది, బిల్లు చివర జతచేసే ఆర్థిక వివరణ పత్రం చూసి ఇది ద్రవ్య బిల్లనుకోవడం. కొత్త సంస్థ పెట్టే ప్రతి బిల్లుకూ ఖర్చవుతుంది, ఆ ఖర్చు సంఘటిత నిధి నుంచే వస్తుంది, అందుకే ఆ పత్రం ఉంటుంది. అలాంటి బిల్లును సభ ఆమోదించాలంటే రాష్ట్రపతి సిఫార్సు కావాలని 117వ అధికరణ చెబుతుంది. అంతమాత్రాన రాజ్యసభ అధికారం తగ్గదు. రెండోది, జరిమానాలు, లైసెన్సు ఫీజులు, సేవలకు రుసుములు కనిపించగానే ‘ద్ర’ పెట్టేయడం. అవి ఉన్నంత మాత్రాన బిల్లు ద్రవ్య బిల్లు కాదని 110లోనే రెండో ఖండిక స్పష్టంగా చెప్పింది. మునిసిపాలిటీ వేసే పన్నుల సంగతీ అంతే.

ఇక ఆధార్ బిల్లుకే గుర్తులు పెట్టి చూద్దాం. 7వ సెక్షన్‌తో మొదలుపెట్టడం మేలు, ప్రభుత్వం తన వాదనంతా దానిమీదే నిలబెట్టింది కాబట్టి. సంఘటిత నిధి డబ్బుతో ఇచ్చే రాయితీ, ప్రయోజనం లేదా సేవ పొందాలంటే ఆధార్ చూపమని ప్రభుత్వం అడగవచ్చు అన్నది దాని సారాంశం. సంఘటిత నిధి మాట ఉంది కాబట్టి ‘ద్ర’ పెట్టాలనిపిస్తుంది. జాగ్రత్తగా చదివితే ఈ సెక్షన్ నిధి నుంచి రూపాయి కూడా తీయడం లేదు, కేటాయించడం లేదు. వేరే పద్దు కింద ఇప్పటికే వెళుతున్న డబ్బు అందుకునే మనిషి ఏం చూపాలో మాత్రమే చెబుతోంది. దీన్ని ‘ద్ర’ అనడానికి కొంత ఉదారంగా చదవాలి. అలా చదివారనే అనుకుందాం.

తర్వాత 3వ సెక్షన్. దేశంలో నివసించే ప్రతి ఒక్కరికీ వేలిముద్రలు, కనుపాప వివరాలు ఇచ్చి ఆధార్ సంఖ్య పొందే హక్కు ఉంటుంది. రేషను తీసుకోనివారికీ, ప్రభుత్వం నుంచి పైసా అందనివారికీ కూడా. రాయితీల కోసమే అయితే రాయితీ తీసుకునేవారికి ఇస్తే సరిపోయేది. ఇక్కడ నా పెన్సిలు ‘వే’ దగ్గరే ఆగింది. అయితే, సంఖ్య లేనిదే రాయితీ పంపిణీ సాగదు కాబట్టి ఇది ‘అ’ అనేవారి మాటను కొట్టిపారేయలేం. 57వ సెక్షన్ దగ్గర మాత్రం ఆ తటపటాయింపు ఉండదు. చట్టం ప్రకారమో, ఒప్పందం ప్రకారమో, ఏ పనికైనా ప్రైవేటు కంపెనీ కూడా ఆధార్‌తో మనిషి గుర్తింపు సరిచూసుకోవచ్చు అంది అది. సిమ్ కార్డు అమ్మే కంపెనీకీ సంఘటిత నిధికీ ఏ సంబంధమూ లేదు. నిస్సంకోచంగా ‘వే’.

ఇక్కడ ఇంకో ఆధారం చూడాలి. ఇదే విషయం మీద 2010 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చినప్పుడు దాన్ని ప్రవేశపెట్టింది రాజ్యసభలో. అంటే అది మామూలు బిల్లన్నమాట. అందులో 7వ సెక్షన్ లాంటిది లేదు, అది కొత్తగా చేరింది కాబట్టే 2016 బిల్లు స్వభావం మారిందన్నది ప్రభుత్వ సమాధానం. ఒక బిల్లుకు ముందు తరం ఉందేమో వెతకడం ఎప్పుడూ లాభమే. ఏం చేరిందో, ఏం పోయిందో చూస్తే ముద్ర ఎందుకు కావలసి వచ్చిందో తెలుస్తుంది.

ఇక ఎక్కువమంది అడిగే ప్రశ్న: రెండు సభలూ ఒప్పుకోకపోతే సంయుక్త సమావేశం పెట్టవచ్చుగా? ద్రవ్య బిల్లుకు పెట్టలేరు, 108వ అధికరణే దాన్ని మినహాయించింది. అసలు అవసరమే రాదు, రాజ్యసభ మాట అక్కడ చెల్లదు కాబట్టి. రాజ్యాంగ సవరణ బిల్లుకూ పెట్టలేరు, కారణం దానికి తలకిందులు. అక్కడ ఏ సభకా సభ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించి తీరాలి. మిగిలిన బిల్లుల విషయంలో ఒక సభ తిరస్కరించినా, సవరణల మీద రెండూ రాజీపడకపోయినా, బిల్లు అందిన సభ ఆరు నెలలకు పైగా ఆమోదించకుండా ఉంచినా రాష్ట్రపతి సంయుక్త సమావేశానికి పిలవవచ్చు.

ఆ ఆరు నెలల లెక్కలో చాలామంది బోల్తా పడతారు. సభ ప్రొరోగ్ అయిన రోజులు, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన రోజులు లెక్కలోకి రావు. పార్లమెంటు సమావేశాల మధ్య వచ్చే పెద్ద విరామాలన్నీ ఇలా పోతాయి కాబట్టి, క్యాలెండరులో ఆరు నెలలు దాటినంత మాత్రాన గడువు తీరినట్టు కాదు. ఓటింగులో లోక్‌సభ సంఖ్యాబలమే నెగ్గుతుంది. అక్కడ 543 మంది, రాజ్యసభలో 245 మంది. అయినా ప్రభుత్వాలు ఈ దారి పట్టడం అరుదు.

పట్టింది మూడే సార్లు: 1961లో వరకట్న నిషేధ బిల్లుకు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లుకు, 2002 మార్చిలో పోటా బిల్లుకు. మూడింటితోనూ మనవాళ్లకు సంబంధం ఉంది. 1961లో అధ్యక్ష స్థానంలో కూర్చున్న స్పీకర్ తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1978లో రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. 2002లో అధ్యక్ష స్థానంలో కూర్చోవలసిన స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు, డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ సభ నడిపారు. స్పీకర్ లేకపోతే డిప్యూటీ స్పీకర్, ఆయనా లేకపోతే రాజ్యసభ డిప్యూటీ చైర్మన్. ఉపరాష్ట్రపతికి ఈ వరసలో చోటే లేదు, ఆయన ఏ సభలోనూ సభ్యుడు కారు. పరీక్షల్లో పదే పదే అడిగే ప్రశ్న ఇది.

రాష్ట్రాల్లో సంయుక్త సమావేశమే లేదు. శాసన మండలి మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, శాసనసభ దాన్ని రెండోసారి ఆమోదించి పంపితే మరో నెల ఆపగలదు, అంతే. 2020 జనవరి 22న ఆంధ్రప్రదేశ్ మండలి చైర్మన్ మూడు రాజధానుల బిల్లును, సీఆర్‌డీఏ రద్దు బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. జూన్‌లో శాసనసభ వాటిని మళ్లీ ఆమోదించింది. మండలి తేల్చకుండానే జూన్ 17న నిరవధికంగా వాయిదా పడింది. నెల గడిచాక బిల్లులు గవర్నర్ దగ్గరికి వెళ్లాయి, జూలై 31న ఆయన ఆమోదముద్ర వేశారు.

మండలి వాయిదా పడిన జూన్ 17నే అక్కడ ఇంకో బిల్లు కూడా నిలిచిపోయింది: ద్రవ్య వినిమయ బిల్లు. గుర్తులు పెట్టాల్సిన పని కూడా లేని అసలు సిసలు ద్రవ్య బిల్లు అది. నెలల తరబడి ఆగక్కర్లేదు, పద్నాలుగు రోజులు గడిస్తే చాలు. కానీ ఆ గడువు జూలైలోకి జరగడంతో ఉద్యోగుల జీతాలు కొన్నాళ్లు ఆలస్యమయ్యాయి. మామూలు బిల్లుకూ ద్రవ్య బిల్లుకూ గడియారాలు ఎలా వేరుగా తిరుగుతాయో ఒకే సభలో, ఒకే రోజున కనిపించిన ఉదాహరణ ఇంతకన్నా దొరకదు.

ఇక కోర్టు సంగతి. ‘స్పీకర్ నిర్ణయమే తుది’ అని 110వ అధికరణ మూడో ఖండికలో ఉంది కదా, ఇక అడిగేదేముంది అని చాలామంది పుస్తకం మూసేస్తారు. మూసేయకండి. సభ లోపలి సంగతుల మీద కోర్టులకు అడ్డుపడే నిబంధనలు మూడు వేర్వేరుగా ఉన్నాయి. వాటిని కలిపేస్తే జవాబు తప్పుతుంది. సభలో అన్న మాటకూ, వేసిన ఓటుకూ సభ్యుడిని కోర్టుకు లాగకూడదని 105వ అధికరణ చెబుతుంది. అది మనిషికి రక్షణ. పద్ధతిలో లోపం జరిగిందన్న కారణంతో సభా కార్యకలాపాల చెల్లుబాటును ప్రశ్నించకూడదని 122(1) చెబుతుంది. అది జరిగిన పనికి రక్షణ. సభను నడిపే అధికారిని ఆ అధికారం వాడినందుకు కోర్టు అదుపులోకి తేకూడదని 122(2) చెబుతుంది. అది కుర్చీకి రక్షణ. మనిషికి ఉన్న రక్షణ కూడా లంచం దాకా పోదని 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు తేల్చారు, పి.వి. నరసింహారావు కేసులో 1998 నాటి తీర్పును పక్కనపెట్టి.

ద్రవ్య బిల్లు గొడవకు కావలసింది 122(1). అందులో అన్నది పద్ధతి లోపం అని మాత్రమే. రాజ్యాంగాన్ని మీరడం పద్ధతి లోపం కాదని, దాన్ని కోర్టు చూడవచ్చని 1964లో ఉత్తరప్రదేశ్ శాసనసభకూ అలహాబాద్ హైకోర్టుకూ మధ్య నడిచిన కేశవ్ సింగ్ వ్యవహారంలోనే సుప్రీంకోర్టు గీత గీసింది. ప్రశ్నలడగడానికి డబ్బు తీసుకున్నారని 2005 డిసెంబరులో పదకొండు మంది ఎంపీలను బహిష్కరించినప్పుడు ఆ గీతే మళ్లీ ముందుకొచ్చింది. 2007లో రాజారాం పాల్ కేసులో కోర్టు బహిష్కరణను సమర్థించింది, కానీ మేం చూడనే కూడదన్న వాదనను ఒప్పుకోలేదు.

గీత ఎటువైపు పడుతుందో పట్టుకోవడానికి మనకు బాగా తెలిసిన రోజునే తీసుకోండి. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతో గట్టెక్కింది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఓట్లు లెక్కించలేదనీ, చర్చ సరిగా జరగలేదనీ ఎంత కోపం ఉన్నా, నా లెక్కలో అవి పద్ధతి లోపాల కిందికే వస్తాయి. అదే, మూడింట రెండు వంతుల మెజారిటీ కావలసిన రాజ్యాంగ సవరణను మామూలు మెజారిటీతో నెగ్గించారనుకోండి, అది రాజ్యాంగాన్ని మీరడం. రాష్ట్ర విభజనకు మామూలు మెజారిటీ చాలని నాలుగో అధికరణ చెబుతుంది కాబట్టి ఆ రోజున అలాంటి ప్రశ్న రాదు.

మరి ద్రవ్య బిల్లు కాని బిల్లుకు ద్రవ్య బిల్లని ముద్ర వేయడం ఏ వైపు పడుతుంది? ఉత్తరప్రదేశ్ లోకాయుక్త చట్టం మీద 2014లో వచ్చిన మహమ్మద్ సయీద్ సిద్దిఖీ తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని పద్ధతి లోపంగానే తీసుకుంది. పాత గైడ్లలో ఇదే ఉంటుంది, అందుకే పాత గైడ్లతో ప్రమాదం. 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో మెజారిటీ న్యాయమూర్తులు స్పీకర్ నిర్ణయాన్ని కొన్ని పరిస్థితుల్లో సమీక్షించవచ్చన్నారు. రెండో సభ అధికారాన్నే తీసేయడం గంట ఆలస్యంగా కొట్టడంలాంటి లోపం కాదు కదా.

తలుపు తెరిచిన మెజారిటీయే, తీరా లోపల చూసి బిల్లు ద్రవ్య బిల్లేనంది. 7వ సెక్షన్ బిల్లుకు గుండెకాయ, మిగతావి దానికి అనుబంధం అన్నది వారి పద్ధతి. అంటే వాళ్ల పెన్సిలు చాలాచోట్ల ‘అ’ పెట్టింది. 57లో ప్రైవేటు సంస్థలకు వీలు కల్పించిన భాగాన్ని అదే తీర్పులో కొట్టేశారు. జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరు విభేదించారు. రాజ్యసభను దాటవేసి తెచ్చిన చట్టంలోంచి చెడ్డ సెక్షన్‌ను ఏరేసి మంచిది మిగుల్చుకోవడం కుదరదని, ఇలా చేయడం రాజ్యాంగాన్ని వంచించడమని ఆయన వాదన. నాకు ఆయన తర్కమే బలంగా కనిపిస్తుంది. 57 ఉండగానే స్పీకర్ ధ్రువీకరించారు. ధ్రువీకరణ సరైనదో కాదో ఆ రోజున్న బిల్లును చూసి తేల్చాలి గానీ, రెండేళ్ల తర్వాత కోర్టు కత్తిరించాక మిగిలినదాన్ని చూసి కాదు.

ఈ అసంతృప్తి సుప్రీంకోర్టులోనే బయటపడింది. 2017 ఆర్థిక చట్టంలో పన్నులతో పాటు ట్రిబ్యునళ్ల సభ్యుల నియామకం, పదవీకాలం, తొలగింపుల విషయాలను కూడా చేర్చి మొత్తాన్ని ద్రవ్య బిల్లుగా గట్టెక్కించారు. పెన్సిలు పట్టుకుని ఆ చట్టంలో ట్రిబ్యునళ్ల భాగం మీరే చదివి చూడండి, మంచి అభ్యాసం. సభ్యుల జీతాలు సంఘటిత నిధి నుంచి వస్తాయి కాబట్టి ‘అ’ అంటారా? అలా అయితే జీతం తీసుకునే ఏ ప్రభుత్వ అధికారికి సంబంధించిన చట్టమైనా ద్రవ్య బిల్లే కావాలి. 2019 నవంబరు 13న రోజర్ మాథ్యూ కేసులో ఐదుగురు న్యాయమూర్తులు, ‘మాత్రమే’ అన్న షరతు వల్ల ఏం తేలుతుందో ఆధార్ తీర్పు తగినంతగా చర్చించలేదని చెప్పి, ద్రవ్య బిల్లు ప్రశ్నను ఇంకా పెద్ద ధర్మాసనానికి నివేదించారు.

అందుకని జవాబు రాసేటప్పుడు మూడు సంగతులను మూడుగానే రాయండి. కోర్టు చూడవచ్చా అంటే, ఆధార్, రోజర్ మాథ్యూ తీర్పుల తర్వాత చూడవచ్చు. ఆధార్ చట్టం నిలిచిందా అంటే, నాలుగు–ఒకటి మెజారిటీతో నిలిచింది, 2021 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లనూ తోసిపుచ్చారు. ఒక బిల్లును ద్రవ్య బిల్లని తేల్చే కొలత ఏది అంటే, అది పెద్ద ధర్మాసనానికి వెళ్లిన ప్రశ్న, ఆ తీర్పు వచ్చిందేమో జవాబుకు కూర్చునే ముందు చూసుకోండి. ఈ మూడింటినీ కలిపి ‘ఆధార్ కేసులో సుప్రీంకోర్టు స్పీకర్ నిర్ణయమే తుది అంది’ అని ఒక్క వాక్యంలో రాసేవారు ఎక్కువ. ఆ వాక్యం తప్పు.